జాడీ అవ్వ ఎవరిది?

గుంటూరులో ఒక పచ్చళ్ల వ్యాపారి. హైదరాబాద్‌లో ఇద్దరు స్నేహితులు నడిపే చిన్న యానిమేషన్ స్టూడియో. ఆయనకు వాళ్లు చేసిపెట్టింది అరవై సెకన్ల ప్రకటన. అందులో ఒక ముసలమ్మ ఉంటుంది. తనకంటే ఎత్తైన జాడీని చంకనెత్తుకుని వీధంతా తిరుగుతూ, అన్నం తినని పిల్లల్ని పట్టుకుని ముద్దలు పెడుతుంది. స్టూడియోలో అందరూ ఆమెను జాడీ అవ్వ అనేవారు. ధర రూ.2,40,000. ఒప్పందమంటే వాట్సాప్‌లో మూడు మెసేజీలు, ఒక నమస్కారం బొమ్మ. పని బాగా వచ్చింది. డబ్బు కాస్త నలిగినా మొత్తానికి అందింది. ఎనిమిది నెలల తర్వాత ఫోను మోగింది.

"తమ్ముడూ, అవ్వ బొమ్మ జనానికి భలే పట్టిందయ్యా. ప్యాకెట్ల మీద వేయిస్తున్నాం, క్యాలెండరు మీద కూడా. సంక్రాంతి యాడ్ ఇక్కడే మా మేనల్లుడి స్నేహితుడు చేస్తానన్నాడు. ఆ ఓపెన్ ఫైళ్లు పంపించు."

"అన్నా, మేం ఇచ్చింది వీడియో కదా. బొమ్మా, ఓపెన్ ఫైళ్లూ అందులో లేవు."

"అదేంటి, డబ్బులిచ్చింది నేను కదా!"

వ్యాపారి, స్టూడియో, అవ్వ ముగ్గురూ కల్పితమే. రూపాయల లెక్కలూ ఉదాహరణ కోసం వేసుకున్నవే. గొడవ మాత్రం కల్పితం కాదు. డబ్బులిచ్చి యానిమేషన్ చేయించుకునే చోటల్లా ఏదో ఒక రూపంలో వచ్చేదే. చిత్రమేమిటంటే, ఇద్దరూ తమ మాట న్యాయమనే నమ్ముతున్నారు, భారత కాపీరైట్ చట్టం ప్రకారం ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. కాగితం మీద ఏమీ రాసుకోకపోతే ఆ చోటు ఖాళీగా ఉండిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. రాయకుండా వదిలేసిన ప్రతి గడినీ చట్టం తన సొంత జవాబుతో నింపుతుంది. ఆ జవాబు ఒక గడిలో డబ్బులిచ్చినవారి వైపు, పక్క గడిలోనే గీసినవారి వైపు ఉంటుంది.

మొదటి గడి యాజమాన్యం. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ సాధారణ నియమం చెబుతుంది: ఒక రచనకు మొదటి యజమాని దాని కర్త. వెంటనే మినహాయింపులు మొదలవుతాయి. జీతానికి పనిచేసే ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా చేసింది, వేరే ఒప్పందం లేకపోతే యజమానిదే. ఒకరు ప్రతిఫలం ఇచ్చి, కోరి చేయించుకున్న ఫొటో, పెయింటింగ్, పోర్ట్రెయిట్, ఎన్‌గ్రేవింగ్, సినిమా అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు చేయించుకున్నవారే మొదటి యజమాని. సినిమా అనగానే థియేటర్ బొమ్మ ఒక్కటే గుర్తుకు రానక్కర్లేదు. చట్టం దృష్టిలో దృశ్యాన్ని నమోదు చేసిన ఏ రికార్డింగైనా ఆ మాటలోకే వస్తుంది, వీడియోతో సహా. కాబట్టి అరవై సెకన్ల ప్రకటన కూడా సినిమాయే. కాగితం లేని ఈ కేసులో పూర్తయిన వీడియో వ్యాపారిదన్న వాదనకు గట్టి బలముంది.

అయితే ఆ జాబితాను మళ్లీ ఒకసారి చదవాలి. పెయింటింగ్ ఉంది, పోర్ట్రెయిట్ ఉంది. డ్రాయింగ్ అన్న మాట విడిగా లేదు. అదే చట్టం కళాకృతి అంటే ఏమిటో చెప్పేచోట మాత్రం పెయింటింగ్‌నూ డ్రాయింగ్‌నూ వేరువేరుగా పేర్కొంది. అవ్వ వీడియోలో కదలకముందు కాగితం మీద పుట్టింది. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి గీసిన బొమ్మలు, కోపం, నవ్వు, ఆశ్చర్యం చూపే ముఖాలు, చీర రంగుల పట్టిక, ఇవన్నీ కలిపిన క్యారెక్టర్ షీట్ ఒకటి ఉంటుంది. ఆ షీటులోని డ్రాయింగులు తమవేనని స్టూడియో వాదించడానికి అక్కడ చోటు దొరుకుతుంది. అంటే వీడియో ఒకరిది, వీడియోలోని మనిషి ఇంకొకరిది అయ్యే అవకాశం ఉంది. కోర్టు ఎటు మొగ్గుతుందో చెప్పలేం. క్యాలెండరు ప్రెస్సుకు వెళ్లేలోగా తేలే సంగతైతే కాదు.

సినిమా ఒకరి చేతిలో, పాత్ర మరొకరి చేతిలో ఉంటే ఏమవుతుందో చూపే పాత కథ హాలీవుడ్‌లో ఉంది. 1927లో వాల్ట్ డిస్నీ స్టూడియో ఆస్వాల్డ్ అనే కుందేలు పాత్రతో చిన్న చిత్రాలు తీయడం మొదలుపెట్టింది. అవి నడిచాయి. 1928 మొదట్లో డిస్నీ న్యూయార్క్ వెళ్లి, పంపిణీ వ్యవహారం చూసే చార్లెస్ మింట్జ్‌ని ఒక్కో చిత్రానికి ఇంకాస్త ఎక్కువ డబ్బు అడిగారు. మింట్జ్ పెంచకపోగా తగ్గిస్తానన్నాడు. అప్పటికే డిస్నీ యానిమేటర్లలో ఎక్కువమందిని తనవైపు తిప్పుకున్నాడు కూడా. అసలు దెబ్బ కాంట్రాక్టులో ఉంది: ఆస్వాల్డ్ హక్కులు యూనివర్సల్‌వి. కుందేలును అక్కడే వదిలేసి వచ్చాక డిస్నీ, అబ్ ఐవర్క్స్ కలిసి తయారుచేసిన ఎలుకే మిక్కీ. ఆస్వాల్డ్ తిరిగి డిస్నీ ఇంటికి చేరింది 2006లో. అదీ ఒక వింత మార్పిడిలో. తమ దగ్గరున్న అల్ మైకేల్స్ అనే క్రీడా వ్యాఖ్యాతను ఎన్‌బీసీకి వదులుకుని, బదులుగా కుందేలును తెచ్చుకున్నారు.

మన హైదరాబాద్‌లోనే ఛోటా భీమ్‌ను తయారుచేసిన గ్రీన్ గోల్డ్ సంస్థను చూసినా ఇదే అర్థమవుతుంది. 2008లో పోగో చానల్‌లో మొదలైన ఆ పాత్ర సినిమాల్లోకి, బొమ్మల్లోకి, బడి సంచుల మీదికి వెళ్లగలిగిందంటే, పాత్ర తమ చేతిలో ఉండబట్టే.

అందుకే కాంట్రాక్టులో "యాజమాన్యం" అని ఒకే వాక్యం రాయడం చాలదు. దాన్ని కనీసం మూడు ముక్కలు చేయాలి: పూర్తయిన వీడియో, అందులోని పాత్రలు, తయారీలో పుట్టి వాడకుండా మిగిలిన చెత్తాచెదారం. మూడోదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అవ్వ కోసం స్టూడియో నాలుగు నమూనాలు గీసి చూపించింది, వ్యాపారి ఒకటి ఎంచుకున్నారు. మిగతా మూడింటిలో మీసాల తాతయ్య ఒకడు ఉన్నాడు. రేపు ఆ తాతయ్యను స్టూడియో వేరే నూనె కంపెనీకి వాడుకోవచ్చా? "ఆమోదం పొందని నమూనాలు, స్కెచ్‌లు, స్టోరీబోర్డులు స్టూడియోవే" అని ఒక్క వాక్యం ఉంటే ఆ ప్రశ్నే రాదు.

అవ్వ కేసులో మొదటి రోజే రాసుకోదగ్గ క్లాజు ఇలా ఉండేది:

"పూర్తయిన 60 సెకన్ల వీడియో కాపీరైట్, మొత్తం ధర అందిన రోజున, క్లయింటుకు బదిలీ అవుతుంది. అప్పటివరకు అది స్టూడియోదే. జాడీ అవ్వ పాత్ర, దాని డ్రాయింగుల కాపీరైట్ స్టూడియో దగ్గరే ఉంటుంది. ఈ వీడియోలో భాగంగా ఆ పాత్రను చూపే హక్కు క్లయింటుకు ఉంటుంది. వేరే వీడియోలకు, ప్యాకింగుకు, అచ్చు ప్రకటనలకు, అమ్మకపు వస్తువులకు పాత్రను వాడాలంటే విడిగా రాతపూర్వక ఒప్పందం అవసరం."

ఇందులో బరువంతా "మొత్తం ధర అందిన రోజున" అన్న మాట మీదే ఉంది. అది లేకపోతే, చట్టం నింపే జవాబు ప్రకారం, బాకీ మిగిలి ఉన్నా వీడియో మొదటి నుంచీ క్లయింటుదేనన్న వాదన వస్తుంది. అప్పుడు స్టూడియో చేతిలో మిగిలేది బాకీ వసూలు చేసుకునే హక్కు మాత్రమే. వీడియోను ఆపే హక్కు కాదు. "వేరే ఒప్పందం లేకపోతే" అని చట్టమే తలుపు తెరిచి పెట్టింది కాబట్టి, ఆ ఒప్పందాన్ని ముందుగా రాసుకోవడంలో ఎవరూ నొచ్చుకోవాల్సింది లేదు.

వ్యాపారి వైపు నుంచి చూస్తే ఈ క్లాజు కాస్త గట్టిగానే ఉంది. అవ్వను తన బ్రాండు ముఖంగా పెట్టుకోవాలన్న ఆలోచన ఆయనకు మొదటి నుంచీ ఉంటే పాత్రను కూడా కొనేయడమే మంచిది, ఎక్కువ ధరకు. రెండేళ్లు సీసాల మీద అవ్వను చూపించి, ఆ తర్వాత హక్కుల కోసం బేరానికి కూర్చుంటే బరువంతా అవతలివైపే ఉంటుంది. పాత్ర లేకుండా గ్రాఫులు, బాణాలు, అక్షరాలతో చేసిన వివరణ వీడియో అయితే ఇంత పంచాయితీ అక్కర్లేదు. మొత్తం క్లయింటుకు ఇచ్చేయడం స్టూడియోకు పెద్ద నష్టమేమీ కాదు.

హక్కులు అమ్ముతున్నా, వాడుకోవడానికి లైసెన్సు మాత్రమే ఇస్తున్నా రాత ఉండాలి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, ఇచ్చేవారి సంతకంతో ఉంటేనే చెల్లుతుందని 19వ సెక్షన్ చెబుతుంది. ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతంలో, ఎంత ప్రతిఫలానికి అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లుగా భావిస్తారు. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని భావిస్తారు. లైసెన్సులకూ ఇవే సూత్రాలు అన్వయిస్తాయి.

ఈ రెండు వాక్యాలు పచ్చళ్ల వ్యాపారిని ఎక్కడ పట్టుకుంటాయో చూడండి. ఆయన ఆవకాయకు గిరాకీ గుంటూరులో ఎంతో, అమెరికాలోని తెలుగు ఇళ్లలోనూ అంతే. డల్లాస్‌లో, న్యూజెర్సీలో కిరాణా దుకాణాల అల్మరాల్లో ఆయన సీసాలుంటాయి. ఇప్పుడు గొడవ తీర్చుకునే తొందరలో "జాడీ అవ్వ బొమ్మ హక్కులు క్లయింటుకు ఇస్తున్నాం" అని ఒక్క ముక్క రాసి సంతకాలు పెట్టుకున్నారనుకుందాం. ఆయన దృష్టిలో ఇక అవ్వ తన మనిషే. చట్టం ఆ వాక్యాన్ని వేరేగా చదువుతుంది: అయిదేళ్లు, భారతదేశంలో మాత్రమే. న్యూజెర్సీ సీసా మీది అవ్వ ఆ రాతలో లేదు. ఆరో ఏట గుంటూరు సీసా మీది అవ్వకూ ఆధారం ఉండదు.

మరో మెలిక తక్కువమందికి తెలుసు. బదిలీ చేయించుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, పత్రంలో వేరేగా రాసుకోకపోతే, ఆ హక్కుకు సంబంధించిన బదిలీ రద్దయినట్టే. క్యాలెండర్లు, బొమ్మలు, టీషర్టులు అంటూ అన్ని హక్కులూ కొనుక్కుని, క్యాలెండరు వేసి మిగతావి "తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టే వ్యాపారి, "ఏడాదిలోగా వాడకపోయినా హక్కు కొనసాగుతుంది" అన్న వాక్యం అడిగి రాయించుకోవాలి. అలాగే "అన్ని మాధ్యమాల్లో" అన్న మాటకు కూడా హద్దుంది. ఒప్పందం నాటికి లేని, వాణిజ్య వాడుకలోకి రాని మాధ్యమం పేరు విడిగా చెప్పి ఉంటే తప్ప దానికి బదిలీ వర్తించదు. 2012 సవరణతో వచ్చిన నియమం ఇది.

వాడుక క్లాజు రాసేటప్పుడు స్టూడియోలు "టీవీ, డిజిటల్, ప్రింట్" అని మూడు మాటలు వేసి ఊరుకుంటాయి. అంతకంటే ప్రశ్నలు వేసుకుంటూ రాయడం తేలిక. యూట్యూబ్‌లో సొంత చానల్‌లో పెట్టుకోవడమా, డబ్బు కట్టి ప్రకటనగా నడపడమా? థియేటర్లో ఇంటర్వెల్‌కు వేస్తారా? దుకాణంలో తెర మీద తిప్పుతారా? హిందీలోకి, తమిళంలోకి డబ్ చేసుకోవచ్చా, చేస్తే పెదాల కదలిక ఎవరు సరిచేయాలి? అరవై సెకన్లను పదిహేనుకు కోసుకోవచ్చా? చివరి రెండింటికీ జవాబు లేకపోతే మేనల్లుడి స్నేహితుడి చేతిలో కత్తెర ఉన్నట్టే.

కోతల సంగతిలో చట్టం గీసినవారి పక్కన ఒక మెట్టు ఎక్కువే నిలబడింది. కాపీరైట్ మొత్తం అమ్మేసినా, కర్తగా చెప్పుకునే హక్కు, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అడిగే హక్కు 57వ సెక్షన్ ప్రకారం కర్తకు మిగులుతాయి. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం ప్రభుత్వం కోరగా కంచుతో పెద్ద కుడ్యశిల్పం చేశారు. తర్వాత దాన్ని ఊడదీసి గోదాములో పడేశారు. ఢిల్లీ హైకోర్టు 2005లో ఆ శిల్పం మిగిలిన భాగాలను ఆయనకు తిరిగి ఇవ్వాలని, రూ.5 లక్షల పరిహారం చెల్లించాలని చెప్పింది. అవ్వ యాడ్‌ను పదిహేను సెకన్లకు కుదించడాన్ని దానితో పోల్చలేం. అయినా ఏ మార్పులకు ముందస్తు అనుమతి ఉందో, వేటికి లేదో రాసుకుంటే ఆ చర్చ కోర్టు దాకా నడవదు. దీని పక్కనే స్టూడియో తనకోసం ఒక వాక్యం చేర్చుకోవాలి: "వీడియో ప్రజల్లోకి వచ్చాక దాన్ని తన పని నమూనాగా చూపుకునే హక్కు స్టూడియోకు ఉంటుంది." వీడియో క్లయింటుది అయ్యాక సొంత షోరీల్‌లో పెట్టుకోవడానికీ అనుమతి కావాల్సి వస్తుంది.

ఇక ఓపెన్ ఫైళ్లు. వ్యాపారి దృష్టిలో ఇది చాలా చిన్న కోరిక. ఇల్లు కట్టించుకున్నాక ప్లాను కాగితం అడిగినట్టు. స్టూడియోకు మాత్రం అది వంటింటి తాళాలు అడిగినట్టు ఉంటుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ప్రాజెక్టు ఫైలు తెరిస్తే అవ్వ చేయి ఏ కీలు దగ్గర ఎలా వంగుతుందో చూపే రిగ్ ఉంటుంది. స్టూడియో ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న చిట్కాలుంటాయి. డబ్బు పెట్టి కొన్న ప్లగిన్లుంటాయి, వాటి లైసెన్సు ఇంకొకరికి వెళ్లదు. వీడియోతో పాటు ఓపెన్ ఫైళ్లూ వస్తాయని చట్టం ఎక్కడా చెప్పదు. డెలివరీ జాబితాలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అందుకే డెలివరీ క్లాజును సామాన్ల చీటీలా రాయాలి, ఫైలు ఫైలుకూ పేరు పెట్టి.

అవ్వ ప్రకటనకు ఆ చీటీలో మాస్టర్ ఫైలు ఒకటి ఉండాలి: 1920×1080, సెకనుకు 25 ఫ్రేములు, ప్రోరెస్ 422 హెచ్‌క్యూ. సుమారు 1.4 జీబీ వస్తుంది. దీన్ని ఫోనులో చూసుకోవడానికి ఎవరూ తెరవరు. రేపు టీవీకి ఇవ్వాలన్నా, మళ్లీ ఎడిట్ చేయాలన్నా పనికొచ్చేది ఇదే. వాట్సాప్‌కు, యూట్యూబ్‌కు ఎంపీ4 ప్రతి వేరు. పది మెగాబిట్ల రేటుతో తీస్తే 75 ఎంబీ దగ్గర వస్తుంది. రీల్స్ కోసం నిలువు ప్రతి కావాలంటే అది అడ్డం వీడియోను పక్కలు కోయడం కాదు. అవ్వ ఒక పక్కన, జాడీ ఇంకో పక్కన ఉన్న షాటును నిలువు చట్రంలో మళ్లీ సర్దాలి. ఒకటి రెండు రోజుల పని. అడుగుతారని తెలిస్తే ముందే ధరలో వేసుకోవాలి. వీటితో పాటు తెర మీద అక్షరాలు లేని ప్రతి ఒకటి, గొంతు, సంగీతం, శబ్దాలు విడివిడిగా మూడు ఆడియో ఫైళ్లు ఉండాలి. చివరి రెండూ లేకుండా హిందీ డబ్బింగ్ చేయాలంటే తెలుగు గొంతు కింద నలిగిపోయిన సంగీతాన్ని మళ్లీ మొదటి నుంచి చేయించుకోవాలి. చాలా కాంట్రాక్టుల్లో క్లయింటు మర్చిపోయి, ఏడాది తర్వాత చింతించేది ఈ రెండింటి గురించే.

ఫైలు పేర్లకు కూడా ఒక పద్ధతి రాసుకుంటే "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ ఇదే వాడండి" అన్న గందరగోళం తప్పుతుంది:

```
JaadiAvva_60s_16x9_TEL_v03.mp4
JaadiAvva_60s_9x16_TEL_v03.mp4
JaadiAvva_60s_16x9_NOTEXT_v03.mov
```

ఓపెన్ ఫైళ్లు ఇవ్వాలనుకుంటే విడిగా ధర కట్టి, ఏం ఇస్తున్నారో, ఏం ఇవ్వలేరో చెప్పాలి. ఫాంటు ఫైలు ఇవ్వలేరు, పేరు చెప్పగలరు. ప్లగిన్ ఇవ్వలేరు, ఏ వెర్షనో చెప్పగలరు. స్టాక్ సంగీతం అయితే దాని లైసెన్సు ఎవరి పేరున ఉందో, ఏ వాడకానికి తీసుకున్నదో రాయాలి. వెబ్‌కు తీసుకున్న పాట టీవీకి చెల్లకపోవచ్చు. అలాగే స్టూడియో ఫైళ్లను ఎన్నాళ్లు దాచిపెడుతుందో ఒక మాట ఉండాలి. ఆరు నెలలనో ఏడాదనో రాసుకోకపోతే, మూడేళ్ల తర్వాత పాడైన హార్డ్‌డిస్క్‌కు ఎవరు జవాబుదారీ అన్న మాట వస్తుంది.

ఇక్కడే స్టూడియోలు తమకు తెలియకుండా చిక్కుకునే చోటు ఒకటి ఉంది. అవ్వ వెనకాల కనిపించే పల్లెవీధిని గీసింది ఆ ఇద్దరు స్నేహితులు కాదు, విజయవాడలో ఉండే ఒక ఫ్రీలాన్సరు. ఆయన ఉద్యోగి కాదు కాబట్టి ఆ డ్రాయింగులు స్టూడియోకు వాటంతట అవే రావు. ఆయన సంతకంతో హక్కుల పత్రం తీసుకోకపోతే, తమ దగ్గర లేని హక్కును స్టూడియో వ్యాపారికి అమ్మినట్టు అవుతుంది. గొంతు ఇచ్చినవారికి, సంగీతం చేసినవారికి కూడా ఇదే. క్లయింటుతో సంతకం చేయడానికి ముందే వీళ్లందరితో ఒక పేజీ కాగితం పూర్తిచేసుకున్న స్టూడియోయే "హక్కులన్నీ మావే, మూడో మనిషి నుంచి ఇబ్బంది రాదు" అన్న హామీ క్లాజు మీద ధైర్యంగా సంతకం పెట్టగలదు.

చివరికి డబ్బు. "సగం అడ్వాన్సు, సగం పనయ్యాక" అన్నది అందరికీ అలవాటైన పద్ధతి. యానిమేషన్‌కు అది కుదరదు. "పనయ్యాక" అంటే ఎప్పుడో ఇద్దరికీ ఒకే అర్థం ఉండదు. సంక్రాంతి దాటాక కూడా కరెక్షన్లు నడుస్తూనే ఉంటాయి. వాయిదాలను శాతాల పూర్తికి కాకుండా, కంటికి కనిపించే సంఘటనలకు కట్టాలి. రూ.2,40,000కు అది ఇలా ఉండొచ్చు: సంతకం రోజున 30 శాతం, అంటే రూ.72,000. స్టోరీబోర్డు, యానిమాటిక్ ఆమోదించిన రోజున ఇంకో రూ.72,000. రంగులు, కదలికలు పూర్తయిన వీడియోను వాటర్‌మార్కుతో, తక్కువ నాణ్యతలో చూపించిన రోజున మూడో రూ.72,000. మిగిలిన రూ.24,000 అందాక వాటర్‌మార్కు లేని ఫైళ్ల డెలివరీ.

యానిమాటిక్ అంటే స్టోరీబోర్డు బొమ్మలను వరసగా పేర్చి, గొంతుతో జతచేసి, ఏ షాటు ఎంతసేపో చూపే కచ్చా వీడియో. అందులో బొమ్మలు కదలవు. అయినా అసలు కీలకం అక్కడే ఉంది. అరవై సెకన్లకు 1,500 ఫ్రేములు. రెండు ఫ్రేములకు ఒక బొమ్మ లెక్కన చేతితో గీసినా 750 బొమ్మలు. యానిమాటిక్ దశలో అవ్వ నోట "ఆవకాయ" తీసి "గోంగూర" పెట్టమంటే అరగంట పని. అదే మాట వాటర్‌మార్కు వీడియో చూశాక అంటే, ఆ సంభాషణ ఎనిమిది సెకన్లయినా 200 ఫ్రేములు, వంద బొమ్మలు మళ్లీ వేయాలి, గొంతు మళ్లీ రికార్డు చేయాలి. అందుకే ఆమోదం అంటే తాళం వేయడం అని రాయాలి: యానిమాటిక్ ఆమోదించాక స్క్రిప్టు, గొంతు, షాట్ల క్రమం మారవు. మార్చాలంటే అదనపు ధర రాసుకున్నాకే పని మొదలవుతుంది. ప్రతి దశకు రెండు విడతల కరెక్షన్లు ధరలోనే ఉంటాయి. చీర ఆకుపచ్చ తీసి ఎరుపు చేయడం కరెక్షను. అవ్వకు మనవరాలిని జతచేయడం కరెక్షను కాదు, కొత్త పని. "చిన్న మార్పులు ఉచితం" అన్న వాక్యం ఎక్కడ కనిపించినా కొట్టేయాలి. ఇంతవరకు "చిన్న" అన్న మాటకు క్లయింటూ యానిమేటరూ ఒకే కొలత వాడిన దాఖలా లేదు.

ఆమోదం ఎవరు చెబితే చెల్లుతుందో కూడా పేరుతో రాయాలి. వ్యాపారి సరేనన్నాక ఆయన భార్య, ఆ తర్వాత మేనల్లుడు, చివరికి మార్కెటింగ్ కుర్రాడు తలా ఒకటి చెబితే రెండు విడతలు రెండు పూటల్లో అయిపోతాయి. వీడియో అందిన ఏడు రోజుల్లో రాతపూర్వకంగా ఏ మాటా రాకపోతే ఆమోదించినట్టేనన్న వాక్యం కూడా ఉండాలి.

ధర పక్కన "జీఎస్టీ అదనం" అని రాయకపోతే అది ధరలోనే ఉందని క్లయింటు వాదిస్తారు. స్టూడియో జీఎస్టీ కింద నమోదై ఉండి, క్లయింటు దీన్ని వృత్తి సేవగా చూసి 10 శాతం టీడీఎస్ కోస్తే, మొదటి వాయిదా లెక్క ఇలా వస్తుంది: రూ.72,000కు 18 శాతం జీఎస్టీ రూ.12,960 కలిపి, టీడీఎస్ రూ.7,200 తీసేస్తే చేతికి రూ.77,760. ఆ కోత ముందే మాట్లాడుకోకపోతే మొదటి వాయిదాకే "ఏడువేలు తక్కువ వేశారేంటన్నా" అన్న ఫోను వెళ్తుంది.

ఆలస్యానికి చట్టంలో ఒక ఆయుధం ఉంది, చిన్న స్టూడియోలు చాలావరకు దాన్ని వాడుకోవు. ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదై ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం వర్తిస్తుంది. కాంట్రాక్టులో ఎంత గడువు రాసుకున్నా, పని స్వీకరించిన రోజు నుంచి 45 రోజులు మించకూడదు. గడువే రాయకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. పని అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే స్వీకరించినట్టేనని అదే చట్టం అంటుంది. నమోదు మాత్రం గొడవ మొదలయ్యాక కాదు, ఒప్పందానికి ముందే ఉండాలి. మధ్యలో పని ఆపేస్తే ఏమిటన్నదీ ఇదే క్లాజులో చేరుతుంది: క్లయింటు ఆపేస్తే అప్పటిదాకా పూర్తయిన దశల డబ్బు వెనక్కి రాదు, జరుగుతున్న దశకు సగం కట్టాలి. స్టూడియోయే చేతులెత్తేస్తే ఆమోదం కాని దశకు తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చేయాలి.

గుంటూరు, హైదరాబాద్‌ల మధ్య ఆ ఫోను తర్వాత ఏం జరిగి ఉండాలి? కోర్టుకు వెళ్తే అవ్వ ఎవరిదో తేలేలోపు ఆవకాయ కాలాలు చాలా గడిచిపోతాయి. కుదిరే దారి రెండు పేజీల కాగితం. వీడియో ఇప్పటికే వ్యాపారిదని ఇద్దరూ ఒప్పుకుంటారు. పాత్ర స్టూడియోదని వ్యాపారి ఒప్పుకుంటారు. ప్యాకింగు, క్యాలెండరు, దుకాణం బోర్డుల మీద అవ్వను వాడుకోవడానికి పదేళ్ల లైసెన్సు, భారతదేశం, అమెరికా రెండూ పేర్లతో సహా. పచ్చళ్లు, పొడులు అమ్మే ఇంకే వ్యాపారికీ ఆ పదేళ్లూ స్టూడియో అవ్వను ఇవ్వదు. ఏడాదిలోగా వాడకపోయినా లైసెన్సు కొనసాగుతుంది. దీనికి రూ.60,000. ఓపెన్ ఫైళ్లు రావు, సంక్రాంతి యాడ్ ఎవరు చేసినా అవ్వ క్యారెక్టర్ షీట్ మాత్రం వెళ్తుంది, గీసిన తీరు మార్చకూడదన్న షరతుతో. వ్యాపారి ఆ షీటును మేనల్లుడి స్నేహితుడికి పంపితే, అతను రిగ్ మళ్లీ మొదటి నుంచి కట్టాలంటే ఎన్ని రోజులు పడుతుందో లెక్కవేసి, ఆ పనేదో హైదరాబాద్ వాళ్లకే ఇవ్వమని తనే చెప్పొచ్చు.